కైండ్లీ ప్లీజ్: ఒకటి తీసేద్దాం, ఏది?

ఇవాళ ఒక మెయిల్ చూద్దాం. ఒక వ్యూయర్ పాత కంపెనీ హెచ్ఆర్‌కి పంపబోతున్నాడు. కొత్త జాబ్‌లో జాయిన్ అవ్వాలంటే రిలీవింగ్ లెటర్ కావాలి. "లైట్‌గా ప్రూఫ్‌రీడ్ చెయ్యి అన్నా, మాటలు మాత్రం నావే ఉండాలి" అన్నాడు. మెయిల్ ఇలా ఉంది:

"కైండ్లీ ప్లీజ్ సెండ్ మై రిలీవింగ్ లెటర్. ఐ కైండ్లీ రిక్వెస్ట్ యూ టు ప్లీజ్ డూ ఇట్ బిఫోర్ ఫ్రైడే. థాంక్స్ ఇన్ అడ్వాన్స్. థాంకింగ్ యూ ఇన్ అడ్వాన్స్. థాంక్స్ అండ్ రిగార్డ్స్."

మనకి ఈ అలవాటు ఎందుకంటే, తెలుగులో మర్యాద క్రియలోనే ఉంటుంది. "పంపండి" అంటే చాలు. ఇంగ్లీష్‌లో ఉత్త "సెండ్" అంటే మనకి "పంపు" అన్నట్టు వినిపిస్తుంది. అందుకే భయపడి రెండు మూడు తగిలిస్తాం. స్కూల్లో రాసిన లీవ్ లెటర్ పుణ్యం కూడా కొంత ఉందిలెండి.

మొదటి వాక్యంలో కైండ్లీ, ప్లీజ్ రెండూ ఒకే పని చేస్తున్నాయి. కైండ్లీ తీసేయండి. మెయిల్‌లో ప్లీజ్ చిన్న అక్షరంతో టైప్ చేసి ఉంటుంది కదా, ఇప్పుడది వాక్యం మొదట్లోకి వచ్చింది కాబట్టి క్యాపిటల్ చేయాలి. డబుల్ స్పేస్ మిగిలిందేమో కూడా చూడండి. రెండో వాక్యంలో "రిక్వెస్ట్" అన్న మాటే మర్యాద. కైండ్లీ, ప్లీజ్ రెండూ పోవచ్చు: "ఐ రిక్వెస్ట్ యూ టు డూ ఇట్ బిఫోర్ ఫ్రైడే." చివర మూడు థాంక్స్‌లో సంతకం దగ్గరది ఉంచాను. హెచ్ఆర్ ఇంకా సరే అనలేదు, అడ్వాన్స్‌గా థాంక్స్ చెప్తే ఒప్పుకున్నట్టే లెక్కేశాం అనిపిస్తుంది.

ఇక్కడ చెయ్యి ఊరుకోదు. రెండు వాక్యాలూ కలిపి "ప్లీజ్ సెండ్ ఇట్ బై ఫ్రైడే" అని రాసేయాలనిపిస్తుంది. ఆగండి! "బిఫోర్ ఫ్రైడే" అంటే గురువారం లోపు. "బై ఫ్రైడే" అంటే శుక్రవారం కూడా ఓకే. శుక్రవారం పొద్దున్నే జాయినింగ్ అయితే అబ్బాయి పని అయిపోయినట్టే. అందుకే వాక్యాలు కలపడం ప్రూఫ్‌రీడింగ్ కాదు, ఎడిటింగ్. కలిపితే బాగుంటుందనిపిస్తే పక్కన కామెంట్ పెట్టండి, అతనే తేల్చుకుంటాడు.

పెద్ద డాక్యుమెంట్ అయితే `please` అని సెర్చ్ చేయండి కానీ, `Replace all` మాత్రం నొక్కొద్దు. `pleased` లోపల కూడా ఆ అక్షరాలే ఉన్నాయి, చివరికి ఒంటరిగా `d` మిగులుతుంది. ఒక్కోటి చూసి తీయాల్సిందే. ఎందుకంటే కనిపించిన ప్రతి రెండోదీ రిపీట్ కాదు. "లెటర్ పంపండి, ప్లీజ్", తర్వాత పేరాలో "పీఎఫ్ వివరాలు కూడా, ప్లీజ్" అంటే అవి రెండు వేరే అడుగుళ్ళు, రెండూ ఉండాలి. "పోయిన వారం ఫామ్ పంపినందుకు థాంక్స్" అన్నది జరిగిపోయిన పనికి, దాన్ని ముట్టుకోవద్దు. వేరేవాళ్ళ మెయిల్‌ని కోట్ చేసిన చోట ఎన్ని కైండ్లీలున్నా అలాగే వదిలేయాలి, అవి వాళ్ళ మాటలు.