లక్ష్యం ఏది, పని ఏది?

ఒక మండలంలోని ప్రభుత్వ హైస్కూళ్లలో చదివే అమ్మాయిల రక్తహీనతపై సర్వే చేయబోతున్న విద్యార్థి తన ప్రతిపాదనలో నాలుగు లక్ష్యాలు రాశాడనుకుందాం. ఒకటి, అమ్మాయిల్లో రక్తహీనతను అధ్యయనం చేయడం. రెండు, వేలి నుంచి రక్తం తీసి హిమోగ్లోబిన్ పరీక్షించడం. మూడు, బడిలో వారానికొకటి ఇచ్చే ఐరన్ మాత్రల గురించి ప్రశ్నావళితో వివరాలు సేకరించడం. నాలుగు, రక్తహీనతపై ఆ మాత్రల ప్రభావం తెలుసుకోవడం.

వీటిలో రెండోదీ మూడోదీ లక్ష్యాలు కావు, చేయబోయే పనులు. అనుమానం వస్తే వాక్యాన్ని 'ఎందుకు?' అని అడగాలి. రక్తం ఎందుకు తీస్తున్నారు? ఎంతమందికి రక్తహీనత ఉందో తేల్చడానికి. ఆ జవాబే లక్ష్యం. రేపు వేలి రక్తం కాదని చేతి నరం నుంచి తీసి ల్యాబుకు పంపినా లక్ష్యం చెక్కుచెదరదు. అందుకే ఆ రెండు వాక్యాలనూ పద్ధతుల భాగంలోకి పంపేయాలి.

మొదటి వాక్యానిది వేరే చిక్కు. 'అధ్యయనం చేయడం' ఎప్పుడు పూర్తయినట్టో ఎవరూ చెప్పలేరు. దాన్ని ఇలా మార్చవచ్చు: 'మండలంలోని ప్రభుత్వ హైస్కూళ్లలో చదివే 12–16 ఏళ్ల అమ్మాయిల్లో, హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 12 గ్రాముల కంటే తక్కువ ఉన్నవారి శాతాన్ని అంచనా వేయడం.' ఆ వయసు అమ్మాయిలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు అదే. ఎవరిలో, ఏమిటి, ఏ కొలతతో అన్నవి తేలాయి కాబట్టి ఇప్పుడు ఎంతమందిని పరీక్షించాలో కూడా లెక్కకట్టవచ్చు. శాతం దాదాపు 50 ఉంటుందనుకుని, 5 శాతం అటూ ఇటూ తేడాకు సరేనంటే, 4pq/d² సూత్రం ప్రకారం 400 మంది కావాలి. పిల్లల్ని విడివిడిగా కాక బడుల వారీగా ఎంచుకుంటే ఇంకా ఎక్కువమంది కావాలి.

నాలుగో వాక్యం సర్వే ఇవ్వలేనిదాన్ని ఇస్తానంటోంది. ఒక్కసారి వెళ్లి చూస్తే ఏది కారణమో, ఏది ఫలితమో తెలియదు. నీరసంగా కనిపించే పిల్లల చేతనే టీచర్లు పట్టుబట్టి మాత్రలు మింగిస్తే, మాత్రలు వేసుకున్నవారిలోనే రక్తహీనత ఎక్కువగా కనిపించవచ్చు. కాబట్టి 'ప్రభావం' అన్న మాట తీసేసి, 'గత నాలుగు వారాల్లో కనీసం మూడు మాత్రలు వేసుకున్నవారిలోనూ, అంతకంటే తక్కువ వేసుకున్నవారిలోనూ రక్తహీనత శాతాన్ని పోల్చడం' అని రాయాలి.

సర్వేకి బయల్దేరేముందు ఒక్కో లక్ష్యానికీ ఒక ఖాళీ పట్టిక గీసి చూడాలి. గడులకు పేర్లు పెట్టలేకపోతే ఆ లక్ష్యం ఇంకా కొలతకు అందలేదన్నమాట. ఏ పట్టికలోనూ చోటు దొరకని ప్రశ్న ప్రశ్నావళిలో ఉంటే, దాన్ని కొట్టేయవచ్చు.