బతికున్న సర్వర్‌కు ఎర్ర గుర్తు: హెల్త్ చెక్‌లపై అపోహలు – వాస్తవాలు

కోల్‌కతాలో ఏడబ్ల్యూఎస్‌కు పూర్తి రీజియన్ లేదు. ముంబై రీజియన్‌కు అనుబంధంగా ఒక లోకల్ జోన్ మాత్రం ఉంది. తెర మీద దాని పేరు `ap-south-1-ccu-1a`. ముంబైలో ఉన్న ప్రైవేట్ నెట్‌వర్క్‌నే కోల్‌కతా దాకా సాగదీసి, అక్కడ కొత్త సబ్‌నెట్‌లు తెరుస్తారు. తూర్పు రాష్ట్రాల వాడుకరులకు జవాబు త్వరగా అందాలంటే ఇది మంచి ఏర్పాటే. కానీ ముంబైలో ఏళ్ల తరబడి నడిచిన సర్వర్‌ను ఉన్నదున్నట్టుగా తెచ్చి కోల్‌కతాలో నిలబెట్టినప్పుడు, పాత ఫైర్‌వాల్ నియమాలు కూడా దానితోపాటే వస్తాయి. ఆ నియమాల్లో ముంబై చిరునామాలే ఉంటాయి. లోడ్ బ్యాలెన్సర్ మాత్రం ఇప్పుడు కోల్‌కతా చిరునామా నుంచి పలకరిస్తుంది.

ఇలాంటి కేసు ఒకటి ఊహించి, దాన్ని చివరిదాకా చూద్దాం. సాల్ట్‌లేక్ సెక్టర్ ఫైవ్‌లో పనిచేసే ఒక టీమ్ తన టికెట్ బుకింగ్ యాప్‌ను కోల్‌కతా జోన్‌కు మార్చింది. మొత్తం నాలుగు సర్వర్లు. యాప్ 8080 పోర్ట్ మీద నడుస్తుంది. ఆరోగ్యం చెప్పే పేజీ `/actuator/health` మాత్రం 8081 మీద ఉంటుంది, ఎందుకంటే అది నిర్వాహకుల పోర్ట్. ముంబైలో లోడ్ బ్యాలెన్సర్ ఉన్న సబ్‌నెట్ 10.0.1.0/24. కోల్‌కతాలో కొత్త లోడ్ బ్యాలెన్సర్‌కు ఇచ్చినది 10.0.64.0/24. సర్వర్ లోపలి ఫైర్‌వాల్‌లో 8080 మొత్తం ప్రైవేట్ నెట్‌వర్క్‌కు తెరిచి ఉంది, 8081 మాత్రం 10.0.1.0/24 ఒక్కదానికే తెరిచి ఉంది. మార్పిడి పూర్తయిన కాసేపటికి నాలుగు సర్వర్లూ ఎర్రబడ్డాయి.

అపోహ: ఎర్ర గుర్తు పడిందంటే సర్వర్ పడిపోయినట్టే.

లోడ్ బ్యాలెన్సర్‌కు సర్వర్ లోపల ఏం జరుగుతోందో తెలియదు. దానికి తెలిసింది ఒక్కటే: ఫలానా చిరునామాకు, ఫలానా పోర్ట్‌కు, ఫలానా పేజీ కోసం ఒక అభ్యర్థన పంపాను, గడువులోగా నేను కోరిన జవాబు వచ్చిందా లేదా అని. ఏడబ్ల్యూఎస్ అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్‌లో మనం ఏమీ మార్చకపోతే 30 సెకన్లకోసారి అడుగుతుంది, 5 సెకన్లు ఆగుతుంది, 200 కోడ్ రావాలంటుంది. వరసగా రెండుసార్లు రాకపోతే ఎర్ర గుర్తు పెడుతుంది. సర్వర్ చచ్చినా ఇదే గుర్తు, పోర్ట్ నంబర్ తప్పు రాసినా ఇదే గుర్తు, దారిలో ఫైర్‌వాల్ అడ్డం పడినా ఇదే గుర్తు.

తేడా గుర్తులో కనిపించదు, దాని పక్కన రాసే కారణంలో కనిపిస్తుంది. చాలామంది ఆ కారణం చూడకుండానే సర్వర్‌ను రీస్టార్ట్ చేస్తారు. ముందు అడగాల్సింది ఇది:

```
aws elbv2 describe-target-health --target-group-arn "$TG"
```

`Target.ResponseCodeMismatch` అని వస్తే దారి బాగానే ఉంది, జవాబు కూడా వచ్చింది, కోడ్ మాత్రం వేరు. పేజీ చిరునామా తప్పయితే సాధారణంగా 404 కనిపిస్తుంది. `Target.FailedHealthChecks` అని వస్తే కనెక్షన్ కుదరలేదు, లేదా వచ్చిన జవాబు అర్థం కాలేదు. ఆ పోర్ట్ మీద ఎవరూ వినకపోతే సర్వర్ వెంటనే తిప్పి కొడుతుంది కాబట్టి, పోర్ట్ తప్పు చాలాసార్లు ఈ రూపంలోనే బయటపడుతుంది. `Target.Timeout` అని వస్తే 5 సెకన్లు మౌనమే. ఫైర్‌వాల్ ప్యాకెట్‌ను చప్పుడు చేయకుండా పారేసినప్పుడు వచ్చేది ఇదే. యాప్ మరీ నెమ్మదించినా ఇదే వస్తుంది కాబట్టి దీన్ని ఒక్క దాన్నే పట్టుకుని తీర్పు చెప్పలేం. మన కేసులో నాలుగింటికీ `Target.Timeout` వచ్చింది.

మౌనమే కారణమైనప్పుడు గడువును 5 నుంచి 20 సెకన్లకు పెంచడం వృథా. పారేసిన ప్యాకెట్‌కు ఎంతసేపు ఆగినా జవాబు రాదు.

అపోహ: సర్వర్ మీద curl కొడితే 200 వస్తోంది, కాబట్టి మా వైపు తప్పు లేదు.

నాకు అన్నిటికంటే ప్రమాదకరంగా తోచే అపోహ ఇదే, ఎందుకంటే చేతిలో రుజువు ఉన్నట్టే అనిపిస్తుంది. సర్వర్‌లోకి వెళ్లి `curl localhost:8081/actuator/health` అంటే ఆ అభ్యర్థన మెషిన్ దాటి బయటికి రాదు. బయటి నుంచి వచ్చే వాటికోసం రాసిన ఫైర్‌వాల్ నియమాలు దానికి వర్తించవు, సెక్యూరిటీ గ్రూప్ అసలే తగలదు. యాప్ బతికుందని మాత్రమే అది చెబుతుంది. యాప్ 127.0.0.1 మీద మాత్రమే వింటున్నా ఈ పరీక్ష పాసవుతుంది, బయటి నుంచి మాత్రం ఎవరికీ అందదు. `ss -ltn` కొట్టి చూస్తే ఆ సంగతి తేలిపోతుంది. `127.0.0.1:8081` అని ఉంటే లోపలికే పరిమితం, `0.0.0.0:8081` లేదా `*:8081` అని ఉంటే అన్ని వైపులా వింటున్నట్టు.

మన టీమ్ ఇంకో అడుగు ముందుకేసింది. ముంబైలోని బాస్టియన్ మెషిన్ నుంచి కోల్‌కతా సర్వర్‌కు curl కొట్టింది. అక్కడి నుంచీ 200 వచ్చింది. ఇక నెట్‌వర్క్ కూడా బాగానే ఉందని, తప్పు లోడ్ బ్యాలెన్సర్‌దేనని తేల్చేశారు. కానీ ఆ బాస్టియన్ ఉన్నది 10.0.1.0/24లోనే, అంటే పాత నియమం అనుమతించిన సబ్‌నెట్‌లోనే. తెరిచి ఉన్న తలుపు నుంచి వెళ్లి తలుపు తెరిచే ఉందని నిర్ధారించుకున్నట్టయింది.

పరీక్షకు విలువ రావాలంటే లోడ్ బ్యాలెన్సర్ ఉన్న సబ్‌నెట్ నుంచే అడగాలి. 10.0.64.0/24లో ఒక చిన్న మెషిన్ పెట్టి, దానికి లోడ్ బ్యాలెన్సర్ సెక్యూరిటీ గ్రూప్‌నే తగిలించి అక్కడి నుంచి curl కొట్టాలి. సెక్యూరిటీ గ్రూప్ వేరైతే పరీక్ష మళ్లీ తప్పుదారే పడుతుంది.

అంతకంటే సూటి మార్గం, సర్వర్ మీదే కూర్చుని ప్యాకెట్ల రాకపోకలు చూడడం:

```
sudo tcpdump -ni any tcp port 8081
```

మన కేసులో కనిపించే వరస ఇలా ఉంటుంది:

```
IP 10.0.64.23.41822 > 10.0.65.11.8081: Flags [S]
IP 10.0.64.23.41822 > 10.0.65.11.8081: Flags [S]
```

లోడ్ బ్యాలెన్సర్ తలుపు తడుతోంది, మళ్లీ తడుతోంది, సర్వర్ నుంచి `[S.]` అనే బదులు మాత్రం లేదు. లినక్స్‌లో లోపలికొచ్చే ప్యాకెట్‌ను tcpdump చూశాకే ఫైర్‌వాల్ చూస్తుంది. కాబట్టి ప్యాకెట్ కనిపించి, యాప్ ఆ పోర్ట్ మీద వింటూ ఉండి కూడా బదులు లేదంటే అడ్డు సర్వర్ లోపలి ఫైర్‌వాల్‌లోనే ఉందని దాదాపు ఖాయం. అసలు ప్యాకెట్టే కనిపించకపోతే అడ్డు బయట ఉంది: సర్వర్ సెక్యూరిటీ గ్రూప్‌లోనో, సబ్‌నెట్ నియమాల్లోనో, లేకపోతే లోడ్ బ్యాలెన్సర్ వేరే పోర్ట్‌ను తడుతూ ఉండొచ్చు. `[R.]` అని బదులొస్తే చాలావరకు ఆ పోర్ట్ మీద వినేవాళ్లు లేరు. కొన్ని ఫైర్‌వాల్‌లు మౌనంగా పారేయకుండా తిరస్కరించి పంపుతాయి. ఫైర్‌వాల్‌డీ మామూలు అమరికలో అలాగే చేస్తుంది, అప్పుడు curl `No route to host` అంటుంది. రౌటింగ్ చెడిందేమోనని కంగారుపడి అటువైపు వెతకడం అక్కడ అనవసరం.

అపోహ: వాడుకరులకు సైట్ వస్తోంది కాబట్టి ఫైర్‌వాల్ సరిగానే ఉంది.

వాడుకరి సర్వర్ దాకా రాడు. అతను లోడ్ బ్యాలెన్సర్‌తో 443 మీద మాట్లాడతాడు, అది సర్వర్‌తో 8080 మీద మాట్లాడుతుంది, ఆరోగ్యం మాత్రం 8081 మీద అడుగుతుంది. ఈ మూడు దారులకూ వేర్వేరు నియమాలు కావాలి. సర్వర్ సెక్యూరిటీ గ్రూప్‌లో 8081ని అనుమతించినా, లోడ్ బ్యాలెన్సర్ సొంత సెక్యూరిటీ గ్రూప్ నుంచి బయటికి వెళ్లే నియమం 8080కే పరిమితమైతే తనిఖీ అక్కడే ఆగిపోతుంది. ఈ రెండో వైపు చూడడం చాలామంది మరిచిపోతారు.

తనిఖీ ఏ చిరునామా నుంచి వస్తుందన్నది కూడా క్లౌడ్‌ను బట్టి మారుతుంది. ఏడబ్ల్యూఎస్‌లో లోడ్ బ్యాలెన్సర్ సబ్‌నెట్‌లోని ప్రైవేట్ చిరునామాల నుంచి వస్తుంది, రద్దీని బట్టి అవి మారుతుంటాయి, కాబట్టి ఒక్క చిరునామాను కాకుండా మొత్తం సబ్‌నెట్‌ను అనుమతించాలి. గూగుల్ క్లౌడ్‌లో చాలా రకాల లోడ్ బ్యాలెన్సర్లకు 35.191.0.0/16, 130.211.0.0/22 అనే శ్రేణుల నుంచి వస్తుంది. అజ్యూర్‌లో 168.63.129.16 నుంచి. ఒక క్లౌడ్ నుంచి ఇంకో క్లౌడ్‌కు మారినవాళ్లు పాత అలవాటుతో నియమం రాస్తే ఇక్కడే దొరికిపోతారు.

అసలు నాలుగు సర్వర్లూ ఎర్రగా ఉంటే సైట్ ఎలా వస్తోంది? ఒక టార్గెట్ గ్రూప్‌లో అన్నీ ఎర్రబడితే అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్ ఎవరికీ పంపకుండా ఊరుకోదు, అన్నిటికీ పంపుతుంది. 8080 తెరిచే ఉంది కాబట్టి బుకింగ్‌లు సాగిపోతాయి. తప్పు వారాల తరబడి దాగి ఉండడానికి ఇదొక్కటి చాలు. ఈలోగా ఒక సర్వర్ నిజంగానే చెడిపోతే, మిగిలినవీ ఎర్రగానే ఉన్నాయి కాబట్టి, దానికీ వాడుకరులను పంపుతూనే ఉంటుంది.

అపోహ: ఒక్కో సర్వర్‌ను సరిచేసుకుంటూ పోతే క్షేమం.

మామూలుగా అది మంచి పద్ధతే. ఇక్కడ మాత్రం కాదు. నాలుగూ ఎర్రగా ఉన్నంతసేపు లోడ్ బ్యాలెన్సర్ రద్దీని నాలుగింటికీ పంచుతుంది. ఒకదాని ఫైర్‌వాల్ సరిచేస్తే కాసేపటికి అది పచ్చబడుతుంది, ఇక మొత్తం రద్దీ ఆ ఒక్కదాని మీదకే మళ్లుతుంది. పూజ సెలవుల ముందు బుకింగ్ హోరులో అయితే ఆ సర్వర్ నిజంగానే పడిపోవచ్చు. అప్పటిదాకా వాడుకరులకు కనబడని తప్పు, సరిచేయబోయిన క్షణంలో వాళ్లకు కనబడుతుంది. నాలుగింటి మీదా నియమాన్ని ఒకేసారి వేయాలి:

```
sudo ufw allow from 10.0.64.0/24 to any port 8081 proto tcp
```

వేశాక ఓపిక పట్టాలి. ఎర్రబడడానికి రెండు వైఫల్యాలు చాలు, పచ్చబడడానికి మాత్రం వరసగా ఐదు విజయాలు కావాలి. 30 సెకన్లకోసారి చొప్పున దాదాపు రెండున్నర నిమిషాలు. నిమిషం చూసి, ఇంకా ఎర్రగానే ఉందని సరైన నియమాన్ని తీసేసి మరోచోట వెతకడం మొదలుపెట్టడం మామూలుగా జరిగే పొరపాటు. అంతసేపు ఆగలేకపోతే tcpdump చూడండి, `[S]` వెనకే `[S.]` రావడం మొదలైతే దారి తెరుచుకున్నట్టే.

ఆటో స్కేలింగ్ గ్రూప్‌లో లోడ్ బ్యాలెన్సర్ తనిఖీనే ప్రమాణంగా పెట్టుకుని ఉంటే కథ ఇంత సాఫీగా సాగదు. ఎర్ర గుర్తు చూసి ఆ గ్రూప్ ఆరోగ్యంగా ఉన్న మెషిన్‌నే తీసేసి కొత్తది లేపుతుంది. కొత్తదీ పాత ఇమేజ్ నుంచే వస్తుంది, అందులోనూ ముంబై నియమమే ఉంటుంది, కాసేపటికి దానికీ అదే గతి. మెషిన్లు పుడుతూ పోతూ ఉంటే, లాగ్‌లు కూడా వాటితోపాటే పోయి ఆధారం మిగలదు. అలాంటప్పుడు ముందు ఆ గ్రూప్‌లో మెషిన్లు మార్చే ప్రక్రియను ఆపాలి. ఆ తర్వాత బతికున్న సర్వర్లలో నియమం వేసి, అదే నియమాన్ని ఇమేజ్‌లో కూడా చేర్చి, కొత్త ఇమేజ్ నుంచి ఒక మెషిన్ లేపి అది పచ్చబడడం చూశాకే ఆ ప్రక్రియను మళ్లీ మొదలుపెట్టాలి.