మరిగించినా పోని విషం

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో కానాగంతలు కొనేవారు ముందుగా మొప్పలు ఎత్తి చూస్తారు. అవి ఎర్రగా ఉండాలి, కళ్లు ఉబ్బెత్తుగా మెరవాలి, వేలితో నొక్కితే సొట్ట పడకుండా కండ మళ్లీ పైకి లేవాలి, సముద్రపు వాసన తప్ప నీచు కంపు ఉండకూడదు. ఇవన్నీ సరైన పరీక్షలే. అయితే కానాగంతలు, ట్యూనా, వంజరం, కవళ్లు లాంటి చేపల్లో ఈ పరీక్షలకు అందని ప్రమాదం ఒకటుంది.

ఈ చేపల కండలో హిస్టిడిన్ అనే పదార్థం ఎక్కువ. చేప చచ్చి ఎండవేడిలో పడి ఉంటే, మొప్పల్లో, పేగుల్లో ఉన్న బాక్టీరియా కండలోకి చేరి దాన్ని హిస్టమిన్‌గా మారుస్తుంది. కొన్ని గంటలు చాలు. అప్పటికి చేప కుళ్లిన వాసన కూడా రాకపోవచ్చు. ఒకసారి పుట్టిన హిస్టమిన్ ఆ తర్వాత పులుసు ఎంత మరిగించినా, ముక్కలు ఎంత ఎర్రగా వేయించినా, ఫ్రీజర్‌లో గడ్డకట్టించినా పోదు.

అందుకే చేప చూపు కన్నా దాని చల్లదనం ముఖ్యం. పడవ మీద పట్టిన వెంటనే ఐస్‌లో పెట్టారా అన్నది మొదటి ప్రశ్న. ఆలస్యంగా వేసిన ఐస్ అప్పటికే తయారైన విషాన్ని వెనక్కి తీయలేదు. బుట్టలో అడుగున ఉన్న చేపను తీసి పట్టుకుంటే చేతికి జిల్లుమనాలి. పైన నాలుగు ఐస్ ముక్కలు చల్లి, అడుగున గోరువెచ్చగా ఉన్న బుట్ట జోలికి పోకపోవడమే మంచిది.

ఉదయం ఎనిమిదింటికి కిలో కానాగంతలు కొని, గంట దూరంలోని ఇంటికి తీసుకెళ్లాలనుకోండి. మన వేడికి కిలో చేపకు కిలో ఐస్ కావాలి. పెద్ద గడ్డ కాకుండా పొడిగా కొట్టిన ఐస్ అయితే చేపను అన్నివైపులా అంటుకుని త్వరగా చల్లబరుస్తుంది. డబ్బాలో అడుగున ఒక వరుస, చేపల మధ్య ఒకటి, పైన ఒకటి వేయాలి. కరిగిన నీళ్లు కిందికి పోయే దారి ఉండాలి; రక్తం కలిసిన ఆ నీళ్లలో చేప నానితే త్వరగా చెడుతుంది.

ఇంటికి రాగానే మొప్పలు, పేగులు తీసి, శుభ్రంగా కడిగి, మళ్లీ చల్లదనంలోకి పంపాలి. చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఇక్కడే. ఉప్పు, పసుపు, కారం పట్టించి, ముక్కల్ని మధ్యాహ్నం దాకా గట్టు మీద వదిలేస్తారు. మసాలా పట్టాల్సింది ఫ్రిజ్‌లో. అక్కడ కూడా తలుపు అరలో కాకుండా, బాగా చల్లగా ఉండే చోట, మూత గిన్నెలో పెట్టి మర్నాటికల్లా వండేయాలి. ఫ్రీజర్‌లోని చేపను కరిగించేదీ ఫ్రిజ్‌లోనే.

తింటున్నప్పుడు నాలుక మీద మిరియాల మంటలా చురుక్కుమంటే అక్కడితో ఆపేయాలి. హిస్టమిన్ ఎక్కువైతే కొద్ది నిమిషాల నుంచి గంట రెండు గంటల్లో ముఖం ఎర్రబడుతుంది, తలనొప్పి, దురద, గుండెదడ వస్తాయి. చాలామందికి ఒక రోజులో తగ్గిపోతుంది. ఊపిరి ఆడకపోతే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఏ చేప తిన్నారో, ఎంతసేపటికి లక్షణాలు మొదలయ్యాయో, ఇంట్లో ఇంకెవరికైనా అలాగే ఉందో డాక్టరుకు చెప్పాలి. చేపల ఎలర్జీకీ దీనికీ తేడా తేల్చడానికి ఆయనకు అక్కరకొచ్చేవి ఆ వివరాలే.