సింకు నీళ్లు అరగంట నిలవాలి

ఖమ్మంలోని ఖానాపురం హవేలిలో ఒక మధ్యరకం బిర్యానీ హోటల్ కడుతున్నారనుకుందాం. వంటగది మురుగుకు గ్రీజ్ ట్రాప్, అంటే జిడ్డు గుంత, ఎంతది కావాలన్నప్పుడు చాలామంది టేబుళ్లు లెక్కపెడతారు. నా ఉద్దేశంలో సింకులు లెక్కపెట్టడమే నయం. ఎందుకంటే గుంతను దెబ్బతీసేది రోజు మొత్తం వాడిన నీళ్లు కాదు, ఒక్క ఉదుటున వచ్చిపడే నీళ్లు. మధ్యాహ్నం గిరాకీ తగ్గాక డేగిశాలు తోమి మూడు సింకుల బిరడాలూ ఒకేసారి లాగే ఆ రెండు నిమిషాలే గుంతకు పరీక్ష.

నూనె నీటికంటే తేలిక కాబట్టి పైకి తేలుతుంది, కానీ వెంటనే తేలదు. పెద్ద బొట్లు త్వరగా లేస్తాయి. సబ్బు, వేడి కలిసి చితక్కొట్టిన సన్న బొట్లకు చాలా సమయం పడుతుంది. అందుకే నేలలో కట్టే గుంతలో నీళ్లు దాదాపు అరగంట నిలిచేలా చూసుకోవడం వాడుకలో ఉన్న పద్ధతి.

మన హోటల్లో ఒక్కో సింకు పొడవు 60, వెడల్పు 45, లోతు 30 సెంటీమీటర్లు అనుకుందాం. ఒక్కోదానికి 81 లీటర్లు, మూడింటికి 243. నిండు సింకులో గిన్నెలు కొంత చోటు తింటాయి గనుక ముప్పాతిక వంతు తీసుకుంటే 182 లీటర్లు. రెండు నిమిషాల్లో ఖాళీ అయితే నిమిషానికి 91. అరగంటకు 2,730 లీటర్లు. పైన పేరుకునే జిడ్డుకూ, అడుగున చేరే మెతుకులకూ మరో పావువంతు కలిపితే సుమారు 3,400. మేస్త్రీ భాషలో చెప్పాలంటే లోపలి కొలత ఎనిమిది అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల నీటి లోతు. అది సుమారు 3,600 లీటర్లు పడుతుంది. నీటిమట్టం పైన ఇంకో అడుగు ఖాళీ వదలాలి. అదే లైనులోకి గ్రైండర్ నీళ్లో, నేల కడిగిన నీళ్లో వస్తే వాటినీ లెక్కలో కలపాలి.

ఇంకా పెద్దది కడితే ఇంకా మంచిదని అనుకోవద్దు. అవసరానికి మించి నిలిచిన నీళ్లలో మెతుకులు కుళ్లి వాయువు పుడుతుంది, అది కాంక్రీటునే తినేస్తుంది.

కొలత సరిపోయినా గొట్టాలు తప్పితే ఫలితం ఉండదు. లోపలికి వచ్చే గొట్టానికి టీ బిగించి దాని కాలు నీళ్లలోకి దించాలి, లేకపోతే ధార పైనున్న జిడ్డును కలియబెడుతుంది. మూడింట రెండొంతుల పొడవు దగ్గర అడ్డుగోడ ఉండాలి, దాని దారి నీటి మట్టానికి బాగా కింద ఉండాలి. బయటికి పోయే గొట్టం కూడా టీతో కింది నీళ్లనే తీసుకోవాలి. పైనున్నది జిడ్డు, అడుగున ఉన్నది మడ్డి, మధ్యలోవే పోదగ్గ నీళ్లు. అడ్డుగోడకు పైన సందు వదిలితే జిడ్డు దర్జాగా దాటిపోతుంది.

ఇక చోటు. వంటగది లైను ఒక్కటే ఇందులోకి రావాలి. మరుగుదొడ్డి గొట్టం గుంత దాటాకే కలవాలి, వాన నీళ్లు అసలు రాకూడదు. భవనం బయట, మూత తీయడానికీ బండి రావడానికీ వీలున్న చోట ఉండాలి. అలాగని మరీ దూరం పెడితే జిడ్డు దారిలోని గొట్టంలోనే గడ్డకడుతుంది. బిర్యానీ బియ్యం వార్చిన మరిగే నీళ్లను నేరుగా వదిలితే పేరుకున్న జిడ్డు కరిగి అవతలికి పోతుంది. వాటిని విడిగా చల్లార్చి పోయాలి.

అవతలికి పోయింది ఎక్కడో ఒకచోట గడ్డకడుతుంది. తెరిచి ఉన్న కాలువలో అయితే కంటికి కనిపించేది. ఖమ్మంలోనే గోళ్లపాడు చానల్ మురుగును భూగర్భ పైపుల్లోకి మళ్లించి పైన పార్కులు వేశారు. అలాంటి చోట అడ్డుపడిన సంగతి మ్యాన్‌హోల్ పొంగినప్పుడే తెలుస్తుంది.

గుంత పనిచేస్తోందో లేదో ఒక కర్రతో తెలుసుకోవచ్చు. పైని జిడ్డు మందం, అడుగు మడ్డి మందం కలిపి నీటి లోతులో పావువంతుకు, అంటే మన లెక్కలో ఒక అడుగుకు, చేరితే ఖాళీ చేయించాలి. నీటిమట్టం బయటి గొట్టం అంచు కంటే పైకి ఉంటే అవతల అడ్డుపడిందని, కిందికి ఉంటే గుంత కారుతోందని అర్థం. జిడ్డు కరిగించే మందులు పోస్తే అది మాయం కాదు, వీధి పైపులోకి మారుతుందంతే. శుభ్రం చేయడానికి మనిషిని లోపలికి దించకూడదు. కంటికి కనిపించని విషవాయువు అక్కడ ఉంటుంది. బండితో పైనుంచే లాగించాలి. లాగించాక వంటగది మొదలుపెట్టేలోపు గుంతను మంచినీళ్లతో నింపాలి, లేదంటే మొదటి రోజు జిడ్డంతా అడుగు దారినే బయటికి జారిపోతుంది.