గోడ మీద తెల్లపొడికి మూలం గోడవతల

మా పిన్నివాళ్ల హాల్లో సోఫా వెనక గోడ వానాకాలం వచ్చిందంటే చెమ్మెక్కుతుంది. నేల నుంచి రెండడుగుల దాకా తడిమచ్చ, దాని పై అంచు వెంట తెల్లటి పొడి. వేలితో గీకితే రంగు పెచ్చులుగా రాలుతుంది. మూడేళ్లలో రెండుసార్లు పుట్టీ పెట్టించి రంగులేయించారు. రెండుసార్లూ ఏడాది తిరక్కుండానే పొడి మళ్లీ పైకొచ్చింది.

ఆ పొడి బూజు కాదు, ఉప్పు. నీటిచుక్క వేస్తే కరిగిపోతుంది. దీపపు వత్తి నూనెను పీల్చినట్టే ఇటుక గోడ నేలలోని నీటిని పైకి పీలుస్తుంది. మట్టిలోని, ఇటుకలోని లవణాలు ఆ నీటితో పాటు ఎక్కుతాయి. గాలి తగిలే చోట నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. అది గట్టిపడి పలుకు కట్టేటప్పుడు వెనక నుంచి ప్లాస్టరింగును నెట్టేస్తుంది. నేలచెమ్మ సాధారణంగా మూడు నాలుగడుగులకు మించి ఎక్కదు. మచ్చ అంతకన్నా పైనుంటే డాబానో పైపునో అనుమానించాలి. గోడవతల బాత్రూం ఉంటే ముందు దాన్నే చూడాలి.

పిన్ని ఇంట్లో ఇవేవీ లేవు. తాపీమేస్త్రి లోపలి గోడ ముట్టుకోకుండా నేరుగా పెరట్లోకి వెళ్లాడు. ఇల్లు కట్టినప్పుడు పునాది మీద వేసిన డీపీసీ, అంటే చెమ్మను అడ్డుకునే కాంక్రీటు పొర, బయట నేలకన్నా ఎత్తులోనే ఉండేది. తర్వాత వీధిరోడ్డు లేచింది. వాన నీళ్లు లోపలికి రాకుండా పెరట్లో మట్టి పోసి టైల్సు పరిచారు. దాంతో డీపీసీ మట్టికింద పడిపోయింది. చెమ్మ దాన్ని పక్కనుంచి దాటేసి గోడెక్కింది.

అందుకే మొదటి ఖర్చు బయటే పెట్టారు. గోడవెంట అడుగు వెడల్పున టైల్సు తీసి, డీపీసీకి ఆరంగుళాల కింది వరకు మట్టి తవ్వారు. అక్కడ నీళ్లు నిలవకుండా వాలుగా కాలువ కట్టారు. తర్వాత లోపల మచ్చకు పైన ఇంకో అడుగు దాకా ఉప్పుపట్టిన ప్లాస్టరింగు చెక్కేశారు. పొడిని పొడిబ్రష్షుతోనే దులిపారు. కడిగితే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది.

ఇక గోడ ఆరాలి. అంగుళం మందానికి నెల చొప్పున అని ఒక లెక్క. తొమ్మిదంగుళాల గోడ అంటే తొమ్మిది నెలలు. పిన్నికి ఓపిక పట్టడమే కష్టమైంది. కానీ తడిగోడకు వాటర్‌ప్రూఫ్ రంగు పూస్తే చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోయి ఇంకా పైకెక్కుతుంది. ఆరాక సున్నపు ప్లాస్టరింగు, సున్నపు రంగు వేయించారు. సున్నం గోడకు ఊపిరాడనిస్తుంది.

డీపీసీ అసలే లేని పాత ఇళ్లకు గోడ అడుగున రంధ్రాలు చేసి రసాయనం ఎక్కించే పద్ధతి ఉంది. దానికి ఒప్పుకునే ముందు ఒక్కసారి గోడవతలికి వెళ్లి, బయట నేల మీ గచ్చుకన్నా ఎంత కిందుందో టేపుతో కొలిచి చూడండి.