నైట్ డ్యూటీలో ఉన్న స్నేహితురాలికి పుట్టినరోజు కబురు

పుట్టినరోజు శుభాకాంక్షలు సరిగ్గా రాత్రి పన్నెండింటికే చెప్పాలన్న అలవాటు మనకు సెల్‌ఫోన్లతో పాటే వచ్చింది. ఒక్క నిమిషం ముందైతే తొందర, పది నిమిషాలు దాటితే ప్రేమ తగ్గినట్టు లెక్క. ఆ పుట్టినరోజు ఒక నర్సుదై, ఆ రాత్రి ఆమె డ్యూటీలో ఉంటే మాత్రం పన్నెండింటికి వచ్చే ఫోన్ ఆమెకు పెద్ద తలనొప్పి.

ఎందుకో తెలియాలంటే ఆ వేళకు వార్డులో ఏం జరుగుతుందో చూడాలి. రోజుకు నాలుగుసార్లు, ఆరేసి గంటలకు ఒకసారి ఇవ్వాల్సిన మందులను చాలా ఆసుపత్రుల్లో ఉదయం ఆరు, మధ్యాహ్నం పన్నెండు, సాయంత్రం ఆరు, అర్ధరాత్రి పన్నెండు గంటలకు ఇస్తారు. అంటే మీరు ఫోన్ చేసే వేళకు ఆమె ట్రేలో సిరంజిలు సర్దుకుని మంచం మంచానికీ తిరుగుతూ ఉంటుంది. చాలాచోట్ల వార్డులో ఎంతమంది రోగులున్నారు, ఆ రోజు ఎందరు చేరారు, ఎందరు వెళ్లారు అనే లెక్క రాసి పంపాల్సింది కూడా ఆ వేళకే. దాన్నే మిడ్‌నైట్ సెన్సస్ అంటారు. జేబులో ఫోన్ మోగుతుంటే ఆమె తలలు లెక్కపెడుతూ ఉంటుంది.

విసుగు సంగతి పక్కన పెట్టండి, ఇందులో ప్రమాదం కూడా ఉంది. సిడ్నీలోని రెండు ఆసుపత్రుల్లో 98 మంది నర్సులు మందులిచ్చే తీరును జొహానా వెస్ట్‌బ్రూక్ బృందం దగ్గరుండి గమనించి, ఫలితాలను 2010లో ప్రచురించింది. మందిచ్చే పనిలో ఉండగా ఎవరైనా అడ్డుపడిన ప్రతిసారీ పొరపాట్లకు అవకాశం సుమారు 12 శాతం పెరిగిందని తేలింది. పిలిచింది డాక్టరైనా, రోగి బంధువైనా, మోగింది ఫోనైనా తెగేది ఆలోచనే. ఎంత మోతాదు తీసుకుంది, ఏ మంచానికి, ఇందాక సంతకం పెట్టిందా లేదా అన్నది చెదిరిపోతుంది. కాబట్టి ఆ వేళలో ఫోన్ చేయకపోవడం ఆమెకూ, ఆ వార్డులో పడుకున్న ముక్కూ మొహం తెలియని మనిషికీ కూడా మేలు.

పైగా పంచాంగం ప్రకారం వారం మారేది అర్ధరాత్రి కాదు, సూర్యోదయానికి. మన అమ్మమ్మలను అడిగితే పుట్టినరోజు తెల్లారాకే మొదలవుతుంది. ఆ లెక్కన, డ్యూటీ దిగాక ఉదయం ఎనిమిదిన్నరకు ఆమె చదివే కబురు ఆలస్యమైనట్టే కాదు.

రాయబోయే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: డ్యూటీ ఏ రాత్రి? ఇది చాలామంది పొరబడే చోటు. రోస్టర్‌లో ‘13 నైట్’ అని ఉంటే, 13వ తేదీ రాత్రి ఎనిమిదింటికి ఎక్కి 14వ తేదీ ఉదయం ఎనిమిదింటికి దిగుతారని అర్థం. పుట్టినరోజు 14న అనుకుందాం. ఆమెకు 13 నైట్ పడితే అర్ధరాత్రి వార్డులో గడుస్తుంది, పుట్టినరోజు పగలంతా నిద్రలో పోతుంది, సాయంత్రం మాత్రం చేతికి మిగులుతుంది. 14 నైట్ పడితే అంతకు ముందు రాత్రి ఇంట్లోనే, పగలూ ఇంట్లోనే, కానీ సాయంత్రం ఏడింటికల్లా బయలుదేరాలి. నలుగురూ కలిసి భోంచేసే వేళే పోతుంది. రెంటినీ మనం ‘పుట్టినరోజు నాడు నైట్ డ్యూటీ’ అనే అంటాం గానీ, రాయాల్సిన కబురు ఒకటి కాదు. నైట్లు సాధారణంగా వరసగా పడతాయి గనుక 13, 14 రెండూ ఉండే అవకాశమూ ఉంది. డ్యూటీ వేళలు ఆసుపత్రిని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతాయి. రోస్టర్ ఫొటో ఒకటి పంపమని అడిగితే ఈ గందరగోళమే ఉండదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇంటర్లో ఒకే హాస్టల్ గదిలో ఉన్న ఇద్దరు స్నేహితురాళ్లు. ఒకామె ఖమ్మంలో టీచరు, ఇంకొకామె హైదరాబాద్‌లో మెడికల్ వార్డులో స్టాఫ్ నర్సు. పడిన డ్యూటీ 13 నైట్. టీచరు మొదట రాసింది ఇలా ఉంటుంది:

‘తెల్లని దుస్తుల్లో ఉన్న దేవతకు, ఆధునిక నైటింగేల్‌కు జన్మదిన శుభాకాంక్షలు! పాపం, పుట్టినరోజు నాడు కూడా డ్యూటీనా? నీ త్యాగం గొప్పది. ఈ రాత్రి నీకు ప్రశాంతంగా గడవాలి. చూడగానే ఫోన్ చెయ్యి.’

ఇందులో ప్రేమ లేదనలేం. కానీ దాదాపు ప్రతి వాక్యమూ గురి తప్పింది. ‘దేవత, నైటింగేల్’ అన్నవి మే 12న నర్సుల దినోత్సవం సభలో వేదిక మీంచి చెప్పే మాటలు. అది నైటింగేల్ పుట్టినరోజు, ఆమె 1820లో పుట్టింది. మన స్నేహితురాలి పుట్టినరోజున ఆమె సంగతి ఎందుకు? ఏడాదంతా సిస్టర్, సిస్టర్ అని పిలిపించుకునే మనిషికి కనీసం ఆ ఒక్కరోజైనా తన పేరుతో, ఇంకా ముద్దుగా హాస్టల్ నాటి పేరుతో పలకరించేవాళ్లు కావాలి. ‘పాపం’ అన్న మాట వింటే, అప్పటిదాకా ఆమెకు లేని దిగులు కూడా పుడుతుంది. డ్యూటీ మార్చుకుందామని ఆమె ఇన్‌చార్జ్ సిస్టర్‌ని ఎప్పుడో అడిగే ఉంటుంది, కుదరకే వచ్చి ఉంటుంది. ఇక ‘ప్రశాంతంగా’ అన్నదుంది చూడండి. ఈ రాత్రి వార్డు ఖాళీగా ఉన్నట్టుందే అని ఎవరైనా అంటే చాలు, వరసగా అడ్మిషన్లు వస్తాయని నర్సులకు ఒక నమ్మకం. శాస్త్రమా అని అడగకండి, డ్యూటీలో ఉన్నవాళ్ల దగ్గర ఆ మాట అనకండి. అన్నిటికంటే ఇబ్బంది చివరి వాక్యంతో. తెల్లవారి డ్యూటీ దిగిన మనిషి మీద అది ఇంకో పని పెడుతోంది.

అదే టీచరు కాసేపు కూర్చుని మళ్లీ రాస్తే ఇలా వస్తుంది:

‘ఏమే పొట్టీ, పుట్టినరోజు శుభాకాంక్షలు. డ్యూటీ దిగాక తీరిగ్గా చదువుకో, జవాబు ఇవ్వక్కర్లేదు. హాస్టల్లో నీ పుట్టినరోజుకి వార్డెన్‌కి తెలియకుండా మిరపకాయ బజ్జీలు తెప్పించుకుంటే వాసన పట్టేసింది గుర్తుందా? నేనే తెప్పించానని నువ్వు ఒక్కదానివే ముందుకొచ్చావు. తిన్నది నలుగురం, తిట్లు తిన్నది నువ్వు. ఇప్పుడు ఇంటికెళ్లి కడుపునిండా టిఫిన్ చేసి పడుకో. సాయంత్రం అయిదింటికి నేనే ఫోన్ చేస్తా. ఆదివారం నీ ఆఫ్ కదా, బజ్జీలు నావి.’

ఇందులో గొప్ప మాట ఒక్కటీ లేదు. కానీ ఇది ఆమెకు తప్ప ఇంకెవరికీ పంపలేని కబురు. ధైర్యవంతురాలివని పొగడకుండానే, ఆమె ధైర్యానికి సాక్ష్యం చెప్పింది. డ్యూటీ గురించి ఒక్క ముక్కలో ఊరుకుంది. జవాబు అక్కర్లేదని చెప్పి భారం దించింది, తర్వాతి పలకరింపుకు వేళ కూడా చెప్పింది. ఆదివారం ఆఫ్ అని రాయడంలో, నీ రోస్టర్ నేను చూశాను అన్న సంగతి దానంతట అదే తెలిసిపోతుంది.

అయిదింటికి అనడం ఊరికే కాదు. నైట్‌లో తెల్లవారుజామున మూడు నుంచి అయిదు దాకా గడవడం కష్టం. శరీర ఉష్ణోగ్రత ఇరవై నాలుగు గంటల్లో అన్నిటికంటే తగ్గే వేళ అది, కళ్లు వాటంతటవే మూతపడతాయి. సరిగ్గా అప్పుడే పని ముంచుకొస్తుంది. రక్తం శాంపిళ్లు తీయాలి, జ్వరం, బీపీ చూడాలి, ఆరు గంటల మందులు ఇవ్వాలి, రాత్రంతా ఎంత సెలైన్ ఎక్కింది, మూత్రం ఎంత వచ్చిందో కూడి రాయాలి. ఎనిమిదింటికి పొద్దుటి డ్యూటీవాళ్లు వస్తే ఒక్కో మంచం దగ్గరా నిలబడి రోగి పరిస్థితి అప్పజెప్పాలి. బయటపడేసరికి ఎనిమిదిన్నరో, తొమ్మిదో. ఇంటికి చేరి, స్నానం చేసి, తిని పడుకునేసరికి పది. పదినుంచి మూడు దాకా ఆమెకు అర్ధరాత్రి కిందే లెక్క. మనం పట్టపగలే కదా అని పదకొండింటికి ఫోన్ చేస్తే, మనల్ని రాత్రి రెండింటికి లేపినట్టే. డ్యూటీ దిగి ఇంటికి వెళ్లే దారిలో అసలే చేయొద్దు. నిద్రమత్తులో స్కూటీ నడిపే మనిషికి చెవి దగ్గర ఫోన్ పెట్టకూడదు.

14 నైట్ అయితే ఈ లెక్క తిరగబడుతుంది. పొద్దున్నే ఫోన్ చేసి కాసేపు మాట్లాడొచ్చు. అయితే రాత్రికి మేలుకోవాలి గనుక చాలామంది మధ్యాహ్నం రెండు నుంచి ఒక కునుకు తీస్తారు, ఆ వేళ వదిలేయాలి. సాయంత్రం ఆమె బట్టలు సర్దుకుంటుండగా చిన్న కబురు చాలు: ‘కేకు రేపు సాయంత్రం కోద్దాం, నువ్వు వచ్చేదాకా కత్తి ఎవరి చేతికీ ఇవ్వను.’ ఇంట్లో సందడి జరుగుతుంటే వదిలి వెళ్లే మనిషికి, తను లేకుండా ఏదీ మొదలవదన్న మాట కావాలి.

గల్ఫ్‌లో పనిచేసే నర్సులు మన దగ్గర చాలామందే ఉన్నారు. వాళ్లకు రాసేటప్పుడు గడియారం కూడా సర్దుకోవాలి. సౌదీ మనకంటే రెండున్నర గంటలు, దుబాయ్ గంటన్నర వెనక. ఆమె సౌదీలో ఉదయం ఎనిమిదింటికి డ్యూటీ దిగే వేళకు ఇక్కడ పదిన్నర అవుతుంది. సౌదీలో ఉన్నవాళ్లకు మన పది గంటలకు పంపినా తొందరే.

రాత్రిపూట వార్డుకు కేకు పంపాలన్న ఉత్సాహం కొందరికి ఉంటుంది. కొవ్వొత్తులు మాత్రం వద్దు. ఆక్సిజన్ నడిచే చోట నిప్పు వెలిగించకూడదు. ఐసీయూలోకి పూలగుత్తులు చాలాచోట్ల రానివ్వరు. తినడం రోగుల దగ్గర కుదరదు, డ్యూటీ రూమ్‌లోనే కుదరాలి, అదీ ఎప్పుడు తీరుతుందో చెప్పలేం. రెండు మూడు గంటలు బయటే ఉన్న క్రీమ్ కేకు కంటే, చేత్తో ఒకటి తీసుకుని నిలబడే తినగలిగే జంతికలో, సున్నుండలో నయం. ఆమెతో ఆ రాత్రి డ్యూటీలో ఉన్న మిగతావాళ్లకు కూడా సరిపడా కట్టండి.

మీకూ ఇలాంటి స్నేహితురాలుంటే, శుభాకాంక్షలు ఎలా రాయాలా అని ఆలోచించే ముందు ఈ నెల రోస్టర్ అడిగి తీసుకోండి.