తాతగారి ఉలికి తుప్పు పట్టిందా? ముందు గుడ్డతో తుడిచి చూడండి



గత వేసవి సెలవుల్లో మా అబ్బాయి ఊరి ఇంటి అటక మీద నుంచి తాతగారి ఉలి తెచ్చుకున్నాడు. వెంటనే ఎమరీ పేపర్‌తో రుద్దబోతే ఆపాను. వాడి వయసులో నేను మా నాన్నగారి బాడిసను అలాగే తళతళలాడేలా రుద్దాను. మెరుపు వచ్చింది గానీ, దాని మీద కమ్మరి కొట్టిన గుర్తు అరిగిపోయింది. అది మళ్లీ రాదు.

అందుకే ముందు పొడిగా ఉన్న తెల్లగుడ్డతో గట్టిగా తుడిచి చూడండి. గుడ్డకు ఎర్రటి పొడి అంటితే అది ఇంకా ఇనుమును తింటున్న తుప్పు. దాన్ని తీయాలి. గుడ్డకు ఏమీ అంటకుండా నల్లగా, నున్నగా ఉన్న పొర ఇనుముకు కొంత రక్షణ ఇస్తుంది. దాన్ని అలాగే ఉంచండి.

ఎర్ర తుప్పు మీద కుట్టుమిషన్ నూనె పలచగా రాసి ఒక రోజు వదిలేయండి. తర్వాత సన్నని స్టీల్ ఊల్‌తో ఉలి పొడవు వెంట మెల్లగా రుద్దండి. చాలాసార్లు ఇంతే సరిపోతుంది.

అయినా వదలకపోతే నూనెను సబ్బుతో కడిగేసి, వంటకు వాడే తెల్ల వెనిగర్‌లో తడిపిన గుడ్డను తుప్పు ఉన్నచోట చుట్టి, పైన పాలిథిన్ కవర్ కట్టండి. చెక్క పిడికి తడి తగలనివ్వకండి. గంటకోసారి విప్పి చూసి, తుప్పు మెత్తబడగానే తీసేయండి. మర్చిపోయి రోజుల తరబడి వదిలేస్తే వెనిగర్ మంచి ఇనుమును కూడా తినేస్తుంది. తర్వాత లీటరు నీళ్లలో ఒక చెంచా వంటసోడా కలిపి తుడిచి, మంచినీళ్లతో కడిగి, వెంటనే పూర్తిగా ఆరబెట్టండి. తడిగా ఉంచితే నిమిషాల్లోనే నారింజ రంగు మళ్లీ కనిపిస్తుంది. ఆరాక పలచగా నూనె రాయండి. వంటగది కత్తులకైతే కుట్టుమిషన్ నూనె వద్దు, కొబ్బరినూనె రాయండి.

టాయిలెట్ క్లీనర్ యాసిడ్ ఎప్పుడూ వాడకండి. దాని ఆవిరి పక్కనున్న పనిముట్లకూ తుప్పు పట్టిస్తుంది, పిల్లల ఊపిరికీ మంచిది కాదు. గ్రైండర్ చక్రానికి గట్టిగా ఆనించకండి. అంచు నీలం రంగుకు తిరిగిందంటే వేడికి పదును నిలిపే గట్టిదనం పోయినట్టే. జింక్ పూత ఉన్నవాటికి వెనిగర్ తగిలితే ఆ పూత కరుగుతుంది.

మా ఉలిలో అంచు, దాని వెనకవైపు మాత్రమే శుభ్రం చేశాం. మిగతాది నల్లగానే ఉంచాం. దాని మీద తాతగారి పొడి అక్షరాలు ఇప్పటికీ చదవగలం. పదునైన పనిముట్లు కాబట్టి పిల్లలతో చేయించేటప్పుడు మందపాటి చేతి తొడుగులు వేసి, పక్కనే ఉండండి.